జంటలో రేడియల్, నైలాన్ కలపకండి. మీ రిమ్ మీద ట్యూబు తీయకండి

ప్రశ్న: అన్నా, మాది చెన్నై మాధవరం. 14 అడుగుల బండి, నెల్లూరు, ఒంగోలు వైపు లోడు తిప్పుతాను. ఆరు టైర్లూ 8.25-16 నైలాన్, ఒకే డిజైన్. మొన్న నాయుడుపేట దాటాక వెనక ఎడమవైపు లోపలి టైరు పేలింది. అరిగిపోయిన స్టెప్నీతో ఎలాగో ఇల్లు చేరాను. ముందు రెండింటికీ 7 మి.మీ., వెనక మిగిలిన మూడింటికీ 6 మి.మీ. బటను ఉంది. షాపులో రేడియల్ వేయమంటున్నారు. మూడు కొని ముందు రెండు, వెనక ఒకటి వేస్తే సరిపోతుందా? రేడియల్ అంటే ట్యూబ్‌లెస్సే కదా, ట్యూబు గొడవ కూడా పోతుందా?

జవాబు:

తమ్ముడూ, మూడు వద్దు, రెండు కొను. ఆ రెండు రేడియళ్ళూ ముందు వేసుకో. ముందు నుంచి తీసిన రెండు నైలాన్ టైర్లను వెనక ఎడమవైపు జంటగా వెయ్యి. ట్యూబు మాత్రం అలాగే ఉంటుంది, నీ రిమ్ మీద అది తీయడానికి లేదు. ఎందుకో వివరంగా చెప్తాను.

ముందు ఒక చిక్కు విడదీయాలి. రేడియలా నైలానా అనేది టైరు లోపల దారాలు ఏ దిక్కున పరిచారన్న సంగతి. ట్యూబా ట్యూబ్‌లెస్సా అనేది గాలిని ఎవరు పట్టి ఉంచుతున్నారన్న సంగతి. ఈ రెండూ వేరు. మీ ఇంట్లో స్కూటర్ ఉంటే దాని టైరు పక్కగోడ చూడు. 90/100-10 అని మధ్యలో గీత ఉండి, పక్కనే ట్యూబ్‌లెస్ అని రాసి ఉండే టైర్లు బోలెడు. అంటే నైలాన్ తరహా టైరే, కానీ ట్యూబు లేదు. నీ బండికి షాపువాళ్ళు ఇవ్వబోయేది దీనికి తిరగేసిన రకం. దాని మీద 8.25 ఆర్ 16 అని ఉంటుంది, పక్కన ట్యూబ్ టైప్ అని ఉంటుంది. అంటే రేడియలే, కానీ ట్యూబు కావాలి. కొలతలో రెండు అంకెల మధ్య గీత ఉంటే నైలాన్, ఆర్ అక్షరం ఉంటే రేడియల్. గాలి సంగతి మాత్రం విడిగా రాసి ఉంటుంది. కొనేముందు ఈ రెండూ నీ కళ్ళతో చదువు, బిల్లు మీద కూడా రాయించుకో.

మనం లారీ షెడ్లలో నైలాన్ అని పిలిచేది అసలు బయాస్ కట్టు టైరు. అందులో రబ్బరు పట్టించిన నైలాన్ దారాల పొరలు ఒకదాని మీద ఒకటి ఏటవాలుగా ఉంటాయి. ఒక పొర కుడికి వాలితే దాని మీద పొర ఎడమకి వాలుతుంది. టైరు నడిమి గీతతో పోలిస్తే ఆ వాలు సుమారు 30 నుంచి 40 డిగ్రీలు. రేడియల్‌లో అలా కాదు. రిమ్ మీద కూర్చునే టైరు అంచుని బీడు అంటారు; దారాలు ఒక బీడు నుంచి ఇంకో బీడుకి నేరుగా, నడిమి గీతకి 90 డిగ్రీల్లో అడ్డంగా పోతాయి. లారీ రేడియళ్ళలో ఆ దారాలు ఉక్కువి. వాటి పైన, బటన్ల కింద, టైరు చుట్టూ ఉక్కు బెల్టులు ఉంటాయి. మిషెలిన్ కంపెనీ ఈ పద్ధతికి 1946లో పేటెంటు తీసుకుంది.

ఈ తేడా చేతితో తెలియాలంటే ఒక తుండుగుడ్డ తీసుకో. నూలు పోగు వెంట నిటారుగా లాగితే సాగదు. ఎదురెదురు మూలలు పట్టుకుని లాగితే సాగుతుంది, గళ్ళు నలిగి వంకరవుతాయి. నైలాన్ టైరు నేల తాకే ప్రతిసారీ లోపల జరిగేది ఆ మూలల లాగుడే. పక్కగోడ వంగితే దాన్ని పట్టుకున్న పొరలు బటన్ల కింద దాకా కదులుతాయి. పొర మీద పొర కత్తెరలాగా జరుగుతుంది, ఆ జరగడంలో వేడి పుడుతుంది. బటను రోడ్డు మీద నలిగి అరుగుతుంది. రేడియల్‌లో పక్కగోడ వంగినా పైన ఉక్కు బెల్టు బటన్లను చదునుగానే ఉంచుతుంది. అందుకే రేడియల్ తక్కువ వేడెక్కుతుంది, ఎక్కువ కిలోమీటర్లు వస్తుంది, డీజిల్ కొంచెం తక్కువ తాగుతుంది. రోహిణి కార్తె ఎండలో తడ దాటాక తారు కాగే వేళ హైవే వేగంతో నిండు లోడు లాగితే ఈ వేడి తేడా బాగా కనిపిస్తుంది.

16 ప్లై అని రాసి ఉంటే లోపల నిజంగా 16 పొరలు ఉన్నాయనుకునేవాళ్ళు చాలామంది ఉన్నారు. అది బలం చెప్పే గుర్తు మాత్రమే. రేడియల్ మీద కూడా అదే 16 రాస్తారు, లోపల ఉండేది మాత్రం చాలాసార్లు ఒకే ఒక్క ఉక్కు పొర.

ఇప్పుడు నీ అసలు ప్రశ్న. వెనక జంటలో ఒకటి రేడియల్, ఒకటి నైలాన్ ఎందుకు కూడదు?

జంట టైర్లు రెండూ ఒకే హబ్బుకి బిగించి ఉంటాయి. కాబట్టి రెండూ ఒకే ఎత్తున ఉండాలి, ఒకే చుట్లు తిరగాలి. బరువు పంచుకోవడం, దూరం పంచుకోవడం రెండూ ఆ బలవంతం కిందే జరుగుతాయి. నీ బండి లోడుతో కాటా వేస్తే 9 టన్నులు వచ్చిందనుకుందాం. ముందు ఇరుసు మీద 3, వెనక ఇరుసు మీద 6. అప్పుడు వెనక ఒక్కో జంట మీద 3000 కిలోలు, ఒక్కో టైరు మీద 1500 పడాలి. ఆ 1500 కింద టైరు 35 మి.మీ. దిగుతుందనుకుంటే, ప్రతి మిల్లీమీటరు దిగుడుకీ సుమారు 43 కిలోలు మోస్తున్నట్టు.

రేడియల్ మాట కాసేపు పక్కన పెట్టి, ఆ వెనక జంటలో ఒకటి కొత్త నైలానే వేశావనుకో. కొత్తదానికి బటను 14 మి.మీ., పక్కదానికి 6 మి.మీ. కొత్తది 8 మి.మీ. ఎత్తు. ఇరుసు రెండింటికీ ఒకటే గనుక కొత్తది 8 మి.మీ. ఎక్కువ నలగాలి. అంటే రెండింటి మధ్య 340 కిలోల తేడా వస్తుంది. కొత్తది సుమారు 1670 మోస్తుంది, పాతది 1330. వ్యాసంలో తేడా 16 మి.మీ., చుట్టుకొలతలో 50 మి.మీ. ఈ సైజు టైరు కిలోమీటరుకి దాదాపు 380 చుట్లు తిరుగుతుంది. కాగితం మీద లెక్కేస్తే కిలోమీటరుకి 19 మీటర్ల తేడా. అంత దూరం ఒక టైరు ఇంకోదాన్ని రోడ్డు మీద ఈడ్చుకుపోవాలి. లోడు కింద రెండూ నలిగేసరికి ఇది కొంత తగ్గుతుంది, కానీ పోదు. మాధవరం నుంచి నెల్లూరు వెళ్ళేసరికి కాగితం లెక్కలో అది మూడు కిలోమీటర్ల దాకా అవుతుంది. ఆ ఈడ్పు అంతా రబ్బరు పొడిగా రోడ్డు మీదే రాలుతుంది.

అందుకే 8.25, అంతకన్నా చిన్న సైజుల్లో జంట టైర్ల వ్యాసం తేడా 6 మి.మీ. దాటకూడదని టైర్ల పనిలో ఒక లెక్క ఉంది. 9.00 నుంచి పైకి పెద్ద టైర్లకి సుమారు 12 మి.మీ. దాకా ఒప్పుకుంటారు. తేడా తప్పనప్పుడు పెద్దది బయటవైపు వేయాలి. రోడ్డు మధ్యలో ఉబ్బి అంచులకి వాలి ఉంటుంది గనుక లోపలి టైరుకి ఎలాగూ బరువు ఎక్కువ పడుతుంది.

ఇక అక్కడ రేడియల్ పెడితే ఈ లెక్క కూడా చేతికి చిక్కదు. రేడియల్ పక్కగోడ మెత్తన. అదే గాలితో, అదే బరువు కింద నైలాన్ కన్నా ఎక్కువ దిగుతుంది. కొత్తగా ఉన్నప్పుడు ఎత్తుగా ఉండి ఎక్కువ మోస్తుంది, కొంచెం అరిగాక మెత్తదనం వల్ల భారాన్ని నైలాన్ మీదకి తోసేస్తుంది. రెండూ వేరే వేరే వేగంతో అరుగుతాయి కాబట్టి ఏ నెలలో ఎవరి మీద ఎంత పడుతోందో నీకు తెలియదు. ఇది బాగా వేడెక్కే నైలాన్ మీద పడే అదనపు బరువు అని గుర్తుంచుకో. అందుకే ఒకే ఇరుసు మీద రెండు రకాలూ కలపకూడదన్న మాటలో నేను సడలింపు ఇవ్వను. ఎవరో వేసుకుని తిరుగుతున్నారు, ఏం కాలేదు అంటారు. వాళ్ళ టైరు పేలినప్పుడు ఎండ వల్ల పేలిందంటారు.

మరి ముందు రేడియల్, వెనక నైలాన్ పర్వాలేదా? ఇక్కడ బండిని బట్టి జవాబు మారుతుంది. మలుపులో రేడియల్ రోడ్డుని గట్టిగా పట్టుకుంటుంది, స్టీరింగు తిప్పగానే మాట వింటుంది. నైలాన్ కొంచెం పక్కకి జారాకే పట్టు తెచ్చుకుంటుంది. ముందు పట్టు ఎక్కువై వెనక తక్కువైతే బండి తోక బయటకి విసురుతుంది. వెనక ఒక్కో వైపు ఒక్కో టైరే ఉండే జీపు, కారు, పికప్‌లలో ఇది ప్రమాదం. వాటిలో ముందు రేడియల్, వెనక నైలాన్ ఎప్పుడూ వద్దు. నీ బండికి వెనక నాలుగు టైర్లు ఉన్నాయి గనుక పక్క పట్టు సరిపడా దొరుకుతుంది, కాబట్టి ఈ అమరిక నడుస్తుంది. అయినా మొదటి వారం ఖాళీ బండితో వానలో తిరిగేటప్పుడు కొంచెం జాగ్రత్త. ఖాళీగా ఉన్నప్పుడు వెనక బరువు ఉండదు, స్టీరింగేమో మునుపటికన్నా చురుగ్గా ఉంటుంది. ఆ అలవాటు చేతికి రావాలి.

కాబట్టి నీ టైర్లు సర్దేది ఇలా. కొత్త రేడియళ్ళు రెండూ ముందు. అక్కడి నుంచి తీసిన 7 మి.మీ. నైలాన్‌లు రెండూ వెనక ఎడమ జంట. రెండూ ఒకే ఈడు, ఒకే డిజైన్, పేచీ లేదు. కుడి జంట 6 మి.మీ. అలాగే ఉండనీ. కుడి ఎడమల మధ్య వ్యాసం తేడా 2 మి.మీ. మాత్రమే, దాన్ని డిఫరెన్షియల్ పట్టించుకోదు. ఎడమ బయటి నుంచి తీసిన 6 మి.మీ. టైరు స్టెప్నీ అవుతుంది. కానీ దాన్ని అలాగే స్టెప్నీ కొక్కేనికి తగిలించొద్దు.

ఎందుకంటే లోపలిది పేలిన క్షణం నుంచి నువ్వు బండి ఆపేదాకా ఆ బయటి టైరు ఒక్కటే 3000 కిలోలు మోసింది. దాన్ని రిమ్ నుంచి ఊడదీయించి లోపల లైటు వేసి చూడు. పక్కగోడ లోపలివైపు ముడతలు, చుట్టూ నల్లగా నలిగిన పట్టీ, దారం బయటపడటం, వేలితో నొక్కితే పొర విడిపోయినట్టు ఉబ్బు, వీటిలో ఏది కనిపించినా ఆ టైరు పని అయిపోయింది. బయట నుంచి బాగానే కనిపిస్తుంది, అదే దానితో వచ్చే ముప్పు. అది బాగుంటే స్టెప్నీగా ఉంచుకో. దాన్ని ముందు రేడియల్ పక్కన వేయాల్సి వస్తే దగ్గర్లోని పంక్చర్ షాపు దాకా నెమ్మదిగా నడపడానికే, నెల్లూరు ప్రయాణానికి కాదు.

అసలు లోపలిది ఎందుకు పేలిందో కూడా చూడాలి. నా అనుమానం గాలి మీద. లోపలి టైరు వాల్వు చేతికి అందదు, గాలి కొట్టే కుర్రాడు బయటిదానికే గేజి పెట్టి, లోపలిదాన్ని రాడ్డుతో కొట్టి వదిలేస్తాడు. రాడ్డు చప్పుడుకి టైరు పూర్తిగా దిగిందో లేదో తెలుస్తుందే గానీ, 95 పీఎస్ఐ ఉందా 65 ఉందా అనేది ఎంత అనుభవజ్ఞుడికీ తెలియదు. లోపలి వాల్వుకి పొడుగు గొట్టం వేయించు, ఖర్చు చాలా తక్కువ. ఉండాల్సిన గాలిలో 80 శాతం కన్నా తక్కువతో లోడు మోసిన లారీ టైరుని గాలి లేకుండా నడిచినట్టే లెక్కగట్టాలి, తీసి లోపల చూడాలి. 100 ఉండాల్సిన చోట 80 కన్నా కిందికి దిగిందంటే మళ్ళీ గాలి కొట్టి వెళ్ళిపోవడం కాదు.

ఇప్పుడు ట్యూబు. నీ రిమ్ ఒక్క ముక్క కాదు. ఒక వైపు అంచు రింగుగా ఊడి వస్తుంది, దాన్ని లాక్ రింగ్ పట్టి ఉంచుతుంది. ఆ రింగుల సందుల్లోంచి గాలి కారకుండా ఆపేది ఏమీ లేదు. అందుకే లోపల ట్యూబు, ట్యూబుకి రిమ్ గీరుకోకుండా ఫ్లాపు. ట్యూబు తీసేసి గాలి కొడితే గాలి రింగు సందులోంచే పోతుంది. పైగా ట్యూబ్ టైప్ టైరు లోపల గాలిని ఆపే ప్రత్యేక రబ్బరు పూత ఉండనక్కర్లేదు. ట్యూబ్‌లెస్ టైరులో మాత్రం ట్యూబు చేసే బ్యూటైల్ జాతి రబ్బరునే లోపలి గోడకి పొరగా అతికిస్తారు. ట్యూబు పని ఆ పొర చేస్తుంది, బీడు రిమ్‌కి బిర్రుగా కూర్చుని మిగతాది చూసుకుంటుంది. అంటే ట్యూబ్‌లెస్ కావాలంటే టైరూ మారాలి, రిమ్మూ మారాలి.

లారీల్లో ఆ రిమ్ ఒక్క ముక్కలో, మధ్యలో గుంటతో, బీడు కూర్చునే చోట 15 డిగ్రీల వాలుతో వస్తుంది. సైజు చూస్తేనే తెలిసిపోతుంది. 17.5, 19.5, 22.5 అని అర ఉంటే ట్యూబ్‌లెస్ రిమ్. పెద్ద లారీల్లో 10.00-20 స్థానంలో వచ్చిన 295/80 ఆర్ 22.5 అలాంటిదే. నీ తరగతి బండ్లలో 215/75 ఆర్ 17.5, 235/75 ఆర్ 17.5 సైజులు కనిపిస్తాయి. కానీ నీ బండికి అది వేయాలంటే హబ్బు బోల్టుల వృత్తం కలవాలి, జంట మధ్య సందు చాలాలి, టైరు మోయగల బరువు సరిపోవాలి, వ్యాసం మారితే స్పీడు మీటరు, గేరు లెక్క మారతాయి. బండి కంపెనీ ఆ మోడలుకి ఆ సైజు అనుమతించిందో లేదో షోరూములో అడిగాకే ముందుకెళ్ళు. మారిస్తే ఆరు చక్రాలూ, స్టెప్నీ కూడా ఒకేసారి మార్చాలి. పాత బండికి ఆ డబ్బు పెట్టమని నేను చెప్పను. కొత్త బండి కొనేటప్పుడు మాత్రం ట్యూబ్‌లెస్ చక్రాలతోనే తీసుకో.

ట్యూబ్‌లెస్ వల్ల లాభం పంక్చర్ పడకపోవడం కాదు. మేకు అందులోనూ అలాగే దిగుతుంది. తేడా ఏమిటంటే, ట్యూబులో మేకు దిగితే ట్యూబు చిరిగి, గాలి వాల్వు కన్నం చుట్టూ, బీడు పక్కల నుంచి ఒక్కసారిగా పోతుంది. ట్యూబ్‌లెస్‌లో ఆ మేకుని చుట్టూ ఉన్న రబ్బరు బిగబట్టి ఉంచుతుంది, గాలి మెల్లగా దిగుతుంది, ఆపుకునే వ్యవధి దొరుకుతుంది. ట్యూబుకీ టైరుకీ మధ్య రాపిడి వేడి కూడా ఉండదు. ఇంత బాగున్న టైరులో రిమ్ వంకరపోయిందని ట్యూబు వేసి ఇచ్చే షాపులు ఉన్నాయి, ముఖ్యంగా కార్లకి. ట్యూబ్‌లెస్ టైరు లోపలి గోడ మీద ఉండే గీతలు, అతుకులు ట్యూబుని గీరుతాయి, రెండింటి మధ్య గాలి చిక్కుకుంటుంది. ఊరు చేరడానికి సరే, అలాగే వదిలేస్తే ట్యూబు టైరు కష్టాలన్నీ తిరిగి తెచ్చుకున్నట్టే.

నీ కొత్త రేడియళ్ళకి ట్యూబు వేసేటప్పుడు ఒక్కటి గట్టిగా అడుగు. రేడియల్ ట్యూబు అని రాసి ఉన్న కొత్త ట్యూబే వేయాలి, ఫ్లాపు కూడా కొత్తదే. రేడియల్ పక్కగోడ ఎక్కువ వంగుతుంది గనుక నైలాన్‌కి వాడే ట్యూబు అతుకు దగ్గర అలసిపోయి విడిపోతుంది. పాత ట్యూబు సాగి ఉంటుంది, కొత్త టైరులో అది మడత పడుతుంది, ఆ మడతలోనే చిరుగుతుంది. చాలామంది ఇక్కడే కొద్ది డబ్బు మిగుల్చుకోబోయి, రేడియల్ అస్సలు బాగాలేదు, నెలకే గాలి పోయిందని అంటారు.

రింగు గురించి ఒక మాట, ఇది ప్రాణానికి సంబంధించింది. చక్రం నట్లు వదులు చేయకముందే వాల్వు పిన్ను తీసి గాలి మొత్తం వదలాలి, జంటలో రెండింటిదీ. గాలి నిండిన టైరు ఆ రింగుని టన్నుల బలంతో తోస్తూ ఉంటుంది. తుప్పు తిన్న రింగు, వంకర రింగు, వేరే రిమ్‌కి చెందిన రింగు గాలి కొడుతుండగా ఎగిరిపడితే ఎదురుగా ఉన్న మనిషి మిగలడు. గాలి కొట్టడం ఇనుప బోనులో పెట్టి కొట్టాలి. బోను లేని షాపులో రింగు చక్రానికి కనీసం ఎదురుగా నిలబడకు, గాలి ఉండగా రింగుని సుత్తితో కొట్టి సర్దనివ్వకు. మన దారిలో హైవే పక్క షాపుల్లో ఈ సుత్తి దెబ్బలు రోజూ చూస్తాం. ఇంకో షాపుకి వెళ్ళిపోవడమే మేలు.

రేడియల్ వేసిన మొదటి రోజే నీకు ఒక టెన్షన్ వస్తుంది. లోడు ఎక్కించగానే కింద పక్కగోడ ఉబ్బి, గాలి లేనట్టు కనిపిస్తుంది. అది దాని స్వభావం. నైలాన్ అలా ఉబ్బదు కాబట్టి కంటికి అలవాటు లేదు. డ్రైవర్లు అది చూసి ఇంకో 15 పీఎస్ఐ కొట్టిస్తారు, బటను నడిమధ్య తొందరగా అరుగుతుంది, బండి కుదుపుతుంది, తర్వాత టైరుని తిడతారు. కంటితో కాదు, గేజితో చూడు. పొద్దున బండి కదలకముందు, చల్లటి టైరులో చూడు. ఎంత పెట్టాలో బండి పుస్తకంలోనూ టైరు కంపెనీ పట్టికలోనూ ఉంటుంది. రేడియల్‌కి నైలాన్ కన్నా ఎక్కువ గాలి చెప్పి ఉంటే, ఆ గాలికి నీ రిమ్ పనికొస్తుందో లేదో కూడా చూసుకో. మధ్యాహ్నం వేడికి గాలి పెరిగినట్టు గేజి చూపిస్తే ఆ గాలి తీసేయకు. చల్లారాక అది తక్కువైపోతుంది.

బరువు సంగతి కూడా పక్కగోడ మీదే ఉంటుంది. 128/126 లాంటి అంకెలు ఉంటే మొదటిది ఒంటి టైరుగా 1800 కిలోలు, రెండోది జంటలో 1700 కిలోలు అని. నీ ముందు చక్రాల మీద 1500 పడుతుంటే అలాంటి టైరు సరిపోతుంది. కానీ ఊహించకు, ఒకసారి ముందు ఇరుసు మాత్రం కాటా మీద ఎక్కించి తూకం తీయించు. మన బండ్లలో సరుకు క్యాబిన్ వైపు ఎక్కువ నెట్టి కట్టేస్తారు, ముందు టైర్ల మీద అనుకున్నదానికన్నా ఎక్కువే పడుతుంది.

రేడియల్‌కి ఉన్న అసలు బలహీనత పక్కగోడ. నైలాన్‌లో చాలా పొరలు అడ్డదిడ్డంగా ఉంటాయి కాబట్టి రాయి కోసినా ఒకటి రెండు పొరలు పోయి మిగతావి నిలబెడతాయి. రేడియల్ పక్కగోడలో మోసేది ఆ ఒక్క ఉక్కు పొరే. అక్కడ లోతుగా కోసుకుంటే, తీగ బయటపడితే, అతుకు వేయించి నడిపే ఆలోచన చేయొద్దు. గాలి తక్కువతో ఎక్కువ దూరం నడిస్తే ఆ తీగలు వంగి వంగి లోపలే తెగుతాయి. తర్వాత ఎవరో గాలి కొడుతుండగా పక్కగోడ జిప్పు తెరిచినట్టు ఒక్కసారిగా చీలుతుంది. గాలి కొడుతున్నప్పుడు చిటపటమని చప్పుడు వినిపిస్తే గాలి ఆపేసి దూరం జరుగు.

అందుకే క్వారీల్లో, కంకర దారుల్లో, మోయాల్సినదానికన్నా ఎక్కువ వేసుకుని తక్కువ దూరం నెమ్మదిగా తిరిగే బండ్లకి నేను ఇప్పటికీ నైలానే చెప్తాను. వాళ్ళకి వేడి సమస్య కాదు, రాయి సమస్య. నీది హైవే పని, రేడియలే సరి.

డీజిల్ మిగులు గురించి షాపువాళ్ళు చెప్పే లెక్కని ఒకసారి నీ బండికి అన్వయించి చూడు. నెలకి 6000 కిలోమీటర్లు, లీటరుకి 7 అనుకుంటే 857 లీటర్లు. ఆరూ రేడియల్ వేస్తే 5 శాతం మిగులుతుందని వాళ్ళు అన్నారనుకుందాం, అంటే 43 లీటర్లు. కానీ టైరు దొర్లడానికి పట్టే శక్తి అది మోసే బరువుని బట్టి ఉంటుంది. నీ ముందు రెండూ మోసేది 9లో 3 టన్నులే. కాబట్టి ముందు మాత్రమే మారిస్తే మిగిలేది అందులో మూడో వంతు, 14 లీటర్లు. రెండు టైర్ల ధర తేడాని ఈ 14 లీటర్ల డబ్బుతో భాగించి చూసుకో, ఎన్ని నెలలకి తిరిగొస్తుందో తెలుస్తుంది. అరుగుదల తక్కువ కావడం వల్ల వచ్చే లాభం దీనికి అదనం, రీట్రెడింగ్‌కి కేసింగు బాగా మిగలడం ఇంకో అదనం.

వెనక నాలుగూ మార్చాల్సిన రోజు ఎలాగూ వస్తుంది. 1.6 మి.మీ. అనేది చట్టం చెప్పే కనిష్ఠం, దాని దాకా లాగకు. వానాకాలం ముందు 3 మి.మీ. దగ్గరే తీసెయ్. అప్పుడు నాలుగూ రేడియల్ ఒకేసారి వెయ్యి, నాలుగూ ఒకే కంపెనీ, ఒకే డిజైన్. స్టెప్నీ కూడా అప్పుడే రేడియల్‌కి మార్చు. అప్పటిదాకా డబ్బు చాలక రెండే కొనగలిగితే కుడి జంట రేడియల్, ఎడమ జంట నైలాన్ అని మాత్రం పెట్టకు, అది కూడా ఒకే ఇరుసే.

ముందు కొత్తవి బిగించే రోజున అలైన్‌మెంట్ చూపించు. రేడియల్‌కి టో, అంటే ముందు చక్రాలు లోపలికో బయటికో తిరిగి ఉండే కొలత, తప్పుగా ఉంటే బటను అంచు రంపం పళ్ళలాగా ఒక వైపు పదునెక్కుతుంది. వెయ్యి కిలోమీటర్లు తిరిగాక అరచేతిని బటన్ల మీద అడ్డంగా, లోపలికీ బయటకీ రెండు వైపులా నిమిరి చూడు. ఒక వైపు నున్నగా, రెండో వైపు గీరినట్టు తగిలితే వెంటనే టో సరిచేయించు. ఎడమ బయటి టైరు ఊడదీయించినప్పుడు లోపల ఏం కనిపించిందో ఫోటో తీసి పెట్టు, చూసి చెప్తాను.